‘నేను వస్తలేను’ అని ఎప్పుడు చెప్పాలి

మా అక్క కొడుకు అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్నాడు. ఆదివారాలు అడిక్‌మెట్‌లో మా ఇంటికి భోజనానికి వస్తాడు. కార్తీకమాసంలో ఒక ఆదివారం కంచం ముందు కూర్చుని కూడా ఫోన్ వదల్లేదు. డిగ్రీలో కలిసి చదివిన ఐదుగురు స్నేహితులు డిసెంబరులో అరకు వెళ్దామని వాట్సాప్‌లో కొత్త గ్రూపు పెట్టారట. వీణ్ణి కూడా చేర్చారు. ‘‘తలకి నాలుగున్నర వేలు పిన్నీ. నా దగ్గర లేవు. ఏం చెప్పాలో తెలుస్తలేదు. జ్వరం అని చెప్పనా, టెస్టు ఉందని చెప్పనా?’’ అన్నాడు. గ్రూపు పెట్టి అప్పటికి ఆరు రోజులైంది. వాడు అందులో రాసిన మాట ఒక్కటే: ‘చూద్దాం రా.’

ఆ రోజు వాడితో మాట్లాడాక ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. చేతిలో డబ్బు లేక స్నేహితుల ప్రయాణానికి రాలేనని చెప్పడం ఇంత కష్టం ఎందుకైంది? దీని మీద పరిశోధకులు తేల్చినది ఏమైనా ఉందా? ఉంటే అది మన దగ్గర, మన భాషలో ఎంతవరకు నిలుస్తుంది? చదివినవీ, చుట్టుపక్కల పిల్లల దగ్గర విన్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఈ పేటల సంగతి చెప్పాలి. చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ, అడిక్‌మెట్ చుట్టూ ఉన్న హాస్టళ్ళలో పోటీ పరీక్షల పిల్లలు నిండి ఉంటారు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే వెళ్తే తప్ప కుర్చీ దొరకదు. ఒక ఏడాదిలో పరీక్ష రాసి వెళ్ళిపోదామని వచ్చినవాళ్ళు మూడేళ్ళు, నాలుగేళ్ళు ఉండిపోతారు. తెలంగాణ గ్రూప్-1నే చూడండి. 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో పెట్టిన ప్రిలిమ్స్ 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ పెట్టినదీ రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చి, ఆ ఏడాది అక్టోబరుకు గానీ మెయిన్స్ జరగలేదు. ఈ లోపల అదే బెంచీ మీద కూర్చుని డిగ్రీ చదివినవాళ్ళు గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో రెండున్నరేళ్ళ జీతం తీసుకున్నారు. స్నేహం పాతదే, చేతిలో ఆడే డబ్బు మాత్రం వేరైపోయింది. డిగ్రీ రోజుల్లో అందరికీ ఒకే ఖర్చు సరిపోయేది కాబట్టి, ఇప్పుడూ సరిపోతుందని జీతం వచ్చేవాళ్ళు అనుకుంటారు. అందులో చెడు ఉద్దేశం ఉండదు. లెక్క ఒక్కటే కళ్ళబడదు.

ఆ లెక్కే మేం ముందు వేశాం. మా వాడికి ఇంటి నుంచి నెలకు 13,000 వస్తాయి. తిండితో కలిపి హాస్టల్‌కు 6,500. రీడింగ్ రూమ్‌కు 1,000. టెస్ట్ సిరీస్, పుస్తకాలకు 1,500. ఫోను, బస్సు, చాయి, జిరాక్సులకు 2,000. మిగిలేది 2,000. మూడు రోజుల అరకు ప్రయాణానికి వాళ్ళు చెప్పిన నాలుగున్నర వేలు ఎలా వచ్చిందో వాడి చేతే రాయించాను. రైలు స్లీపర్‌లో రానుపోను మనిషికి 900. రెండు గదులు, రెండు రాత్రులు, గదికి 2,000 చొప్పున 8,000. విశాఖలో దిగాక రెండు రోజులకు బండి 12,000. గదులూ బండీ కలిపి 20,000. ఆరుగురికి పంచితే మనిషికి 3,333. రైలుతో కలిపి 4,233. దాన్నే నాలుగున్నర అన్నారు. ఇందులో మూడు రోజుల తిండి లేదు. బొర్రా గుహల టికెట్టు, ఇతర ప్రవేశ రుసుములు లేవు. స్టేషన్‌కు ఆటోలు, దారిలో తినేవి, ఇంటికి కొనుక్కొచ్చే కాఫీ పొడి లేవు. తిండికి రోజుకు 500 చొప్పున 1,500, టికెట్లకు 300, ఆటోలూ చిల్లర ఖర్చులూ 400, కొనుక్కునేవాటికి 500 వేసుకుంటే మరో 2,700. మొత్తం 6,933. అంటే వాడికి మిగిలే డబ్బు మూడున్నర నెలలది.

స్నేహితుల ప్రయాణాల్లో మొదట చెప్పే అంకె ఎప్పుడూ ఇలాంటిదే. ముందుగా కట్టాల్సినదే అందులో ఉంటుంది, దారిలో కట్టేది ఉండదు. నాలుగున్నర అనుకుని సరేనన్నవాడు రెండో రోజుకే పక్కవాడి దగ్గర చేయి చాపాల్సి వస్తుంది. పైగా దారిలో పెట్టే ఖర్చును అందరూ సమానంగా పంచుకుంటే ఖర్చే పెరుగుతుంది. యూరి గ్నీజీ, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు ఇజ్రాయెల్‌లో ఒక రెస్టారెంట్‌లో చేసిన ప్రయోగాన్ని 2004లో ప్రచురించారు. అందులోనూ ఆరుగురు చొప్పున కూర్చోబెట్టారు. ఎవరి బిల్లు వాళ్ళే కట్టాలన్నప్పుడు మనిషి సగటున 37 షెకెల్‌ల తిండి తెప్పించుకున్నాడు. బిల్లు సమానంగా పంచుకోవాలన్నప్పుడు అది 51 దాకా వెళ్ళింది. మోసం చేద్దామని ఎవరూ ఎక్కువ తినరు. నా ప్లేటులోని అదనపు ఖర్చులో ఆరో వంతే నాది అయినప్పుడు చెయ్యి కాస్త వదులవుతుంది, అంతే. తక్కువ డబ్బున్నవాడు తక్కువే తిని, ఎక్కువ తిన్నవాళ్ళ వాటా కూడా కడతాడు. అందుకే ‘మొత్తం ఎంత అవుతుంది’ అన్న లెక్క వేయకుండా వస్తాననీ రాననీ చెప్పకూడదు. లెక్క వేశాక మా వాడికి అనుమానం మిగల్లేదు. ఇక తేలాల్సింది ఎలా చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నదే.

ఎలా చెప్పాలన్న దానిమీద మన భాషలోనే చాలా సంగతి ఉంది. ‘రాను’ అంటే తెగ్గొట్టినట్టు ఉంటుంది, అలిగినవాళ్ళ మాట అది. ‘రాలేను’ అంటే ఏదో అడ్డం ఉందని అర్థం. అడ్డం ఏమిటో చెప్తే మేం తొలగిస్తాం కదా అని ఎదుటివాళ్ళు సిద్ధమవుతారు. ‘చూద్దాం’, ‘చెప్తా’, ‘ట్రై చేస్తా’ అనేవి మన మర్యాదలో చాలాసార్లు లేదనడమే. పెద్దవాళ్ళ మధ్య అవి అలాగే అర్థమవుతాయి కూడా. కానీ టికెట్లు తీసేవాడు వాటిని అలా చదవడు. వాడికి తలలు లెక్కపెట్టాలి, ‘చూద్దాం’ అన్నవాణ్ణి వచ్చేవాళ్ళలోనే వేసుకుంటాడు. వీటి మధ్య ఒక మాట ఉంది. కోస్తా పిల్లలు ‘రావట్లేదు’ అంటారు, మనవాళ్ళు ‘వస్తలేను’ అంటారు. అందులో కోపం లేదు, అడ్డం లేదు. అప్పటికే జరిగిపోయిన నిర్ణయం ఉంది. తిరుపతి ఎప్పుడు వెళ్తున్నావంటే ‘ఈసారి వెళ్తలేను’ అన్నంత మామూలుగా చెప్పవచ్చు.

అమెరికాలో వెనెసా పాట్రిక్, హెన్రిక్ హాగ్‌వెట్ 2012లో ప్రచురించిన పరిశోధన ఈ తేడాకు దగ్గరిదే. ‘నేను చేయలేను’ అనుకున్నవాళ్ళ కన్నా ‘నేను చేయను’ అనుకున్నవాళ్ళు తమ నిర్ణయం మీద గట్టిగా నిలబడ్డారని వాళ్ళు చూపించారు. అయితే అది తీపి తినకుండా ఉండటం లాంటి వాటిలో మనిషి తనతో తాను చెప్పుకునే మాట గురించి. స్నేహితుడితో చెప్పే మాటకు దాన్ని ఉన్నదున్నట్టుగా తెచ్చి అతికిస్తే తప్పవుతుంది. ‘రాను’లోని కరుకుదనం స్నేహంలో పనికిరాదు. ‘వస్తలేను’ ఆ కరుకుదనం తీసేసి నిర్ణయాన్ని మాత్రం ఉంచుతుంది.

ఇక కారణం. డబ్బు అని చెప్పాలా, సమయం లేదని చెప్పాలా? తీరిక లేదన్నది గౌరవంగా ఉంటుందని, డబ్బు లేదన్నది చిన్నతనమని చాలామంది అనుకుంటారు. గ్రాంట్ డానెలీ, యాష్లీ విలన్స్, మరికొందరు 2021లో ప్రచురించిన అధ్యయనం దీనికి ఎదురుగా తేల్చింది. పిలుపును కాదన్నవాళ్ళలో తీరిక లేదన్నవారి కన్నా డబ్బు లేదన్నవారినే పిలిచినవాళ్ళు ఎక్కువ నమ్మారు, వాళ్ళతోనే ఎక్కువ దగ్గరితనం అనుభవించారు. కారణం సులువుగానే అర్థమవుతుంది. సమయం మన చేతిలోనిదని, కావాలనుకుంటే మిగుల్చుకోవచ్చని అందరి ఉద్దేశం. ‘తీరిక లేదు’ అంటే ‘నీకంటే నాకు వేరే పని ముఖ్యం’ అని వినిపిస్తుంది. డబ్బు అలా మన చేతిలో లేనిదని అందరికీ తెలుసు.

ఈ ఫలితం నాకు నమ్మదగిందే అనిపిస్తుంది. కానీ మన దగ్గర దానికి ఒక చిక్కు ఉంది. ఇక్కడ ‘పైసల్లేవ్ రా’ అన్నది రోజూ పదిసార్లు దొర్లే మాట. సినిమాకు పిలిచినా అంటాం, బిర్యానీకి పిలిచినా అంటాం. దానికి వచ్చే జవాబూ ఖాయం: ‘నేను పెట్టుకుంటా, నువ్వు నడువ్.’ ఆ జవాబులో ప్రేమ ఉంది. ఆ ప్రేమ వల్లే మనిషి ఇరుక్కుంటాడు. సినిమా టికెట్టు స్నేహితుడు పెట్టుకుంటే రేపు చాయి తాగించి సరిపెట్టవచ్చు. ఏడు వేలకు సరిపెట్టడం ఉండదు. అందుకని ‘పైసల్లేవ్’ అనడానికీ, ‘ఈ ట్రిప్పు నా బడ్జెట్‌లో లేదు’ అనడానికీ మధ్య తేడా పెద్దది. మొదటిది నా జేబు పరిస్థితి, దాన్ని ఎవరైనా నింపవచ్చు. రెండోది నేను వేసుకున్న లెక్క, అందులోకి ఇంకొకరు రావడానికి సందు లేదు. దానికి ‘ఎందుకు లేదు’ అన్న ప్రశ్న వచ్చినా చెల్లెలి ఫీజులూ ఇంటి అప్పులూ విప్పి చెప్పనక్కర్లేదు. ఉద్యోగం ఉన్నవాళ్ళకూ ఇంటి వాయిదాలు ఉంటాయి, అమ్మానాన్నల మందులు ఉంటాయి. బడ్జెట్‌లో లేదన్నంత మాత్రాన బీదవాళ్ళమని చెప్పుకున్నట్టు కాదు.

అమెరికాలో 2023 చివర లూకస్ బ్యాటిల్ అనే హాస్యరచయిత సరదాగా పెట్టిన వీడియోతో ‘లౌడ్ బడ్జెటింగ్’ అనే మాట పాకింది. నేను ఖర్చు పెట్టదలచుకోలేదు అని పైకే చెప్పడం గొప్పతనంగా చూపిన ధోరణి అది. ఆ ధైర్యం మంచిదే, కానీ అందులో డబ్బు ఉండి కూడా పెట్టనివాళ్ళ గొంతు ఎక్కువ. నిజంగానే లేనివాడికి అంత బిగ్గరగా చెప్పాల్సిన పనిలేదు. మామూలు గొంతుతో ఒక వాక్యం చాలు.

సాకుల సంగతి నాకు సొంత అనుభవంలో ఉంది. 1994లో నేను డిగ్రీ చదువుతుండగా మా క్లాసు అమ్మాయిలు నాగార్జునసాగర్ వెళ్ళాలనుకున్నారు. మనిషికి నూటయాభై రూపాయలు. మా నాన్న ఆ నెల జీతంలో అప్పటికే ఒక అప్పు తీర్చారని నాకు తెలుసు. ఆడపిల్లలందరికీ అందుబాటులో ఉండే సాకే నేనూ చెప్పాను: ‘మా ఇంట్లో ఒప్పుకోవట్లేదే.’ అంతటితో అయిపోతుందనుకున్నాను. రెండు రోజుల తర్వాత సాయంత్రం నలుగురు స్నేహితురాళ్ళు మా ఇంటికి వచ్చారు, నాన్నను ఒప్పించడానికి. ‘అంకుల్, మేమందరం ఉంటాం కదా, లెక్చరర్ మేడమ్ కూడా వస్తున్నారు, పంపించండి’ అన్నారు. నాన్నకు ఆ ప్రయాణం సంగతే తెలియదు. ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, ‘దానికేం అమ్మా, వస్తుంది’ అన్నారు. పక్కింటాయన దగ్గర చేబదులు తీసుకుని నాకు ఇచ్చారు. సాగర్‌లో డ్యామ్ మీద నిలబడి నేను దేన్నీ సరిగా చూడలేదు. నూటయాభై లేవని ఒక వాక్యంలో చెప్పి ఉంటే నాన్న ఆ చేబదులు కోసం గడప దాటాల్సి వచ్చేది కాదు.

సాకు ఎందుకు పని చేయదో అప్పుడు తెలిసింది. ఇంట్లో ఒప్పుకోరంటే ఇంట్లోవాళ్ళను ఒప్పిస్తారు. టెస్టు ఉందంటే తేదీ మారుస్తారు. ఊళ్ళో పెళ్ళి అంటే పెళ్ళి ఎప్పుడో అడిగి ఆ రోజు వదిలేసి పెట్టుకుంటారు. సాకును స్నేహితులు నిజమనుకుని, దాన్ని తీర్చడానికి నిజంగా శ్రమపడతారు. ఎన్ని సాకులు చెప్తే వాళ్ళకు అన్ని పనులు పెట్టినట్టు. చివరికి అన్నీ తీర్చేశాక కూడా రానంటే, అప్పుడు వాళ్ళకు నొప్పి కలుగుతుంది. ఆ నొప్పి రానన్నందుకు కలిగేది కాదు. ఇన్నాళ్ళు తిప్పినందుకు కలిగేది. పొడుగాటి సంజాయిషీతోనూ ఇదే చిక్కు. నాలుగు కారణాలు చెప్తే నాలుగిట్లో బలహీనమైనది ఏదో దాన్ని పట్టుకుని మాట్లాడతారు.

రానంటే స్నేహితులు ఏమనుకుంటారో అన్న భయం ఎంత నిజం? జూలియన్ గివీ, కొలీన్ కర్క్ 2023లో ప్రచురించిన ప్రయోగాలు ఈ భయాన్నే కొలిచాయి. పిలుపును కాదన్నవాళ్ళు, పిలిచినవారికి ఎంత కోపం వస్తుందనుకున్నారో అంత రాలేదు. పిలిచినవాళ్ళు ‘రానన్నాడు’ అన్న ఒక్కమాట దగ్గరే ఆగిపోతారని మనం ఊహిస్తాం. వాళ్ళు మాత్రం, రానని చెప్పే ముందు వీడు ఎంత ఆలోచించి ఉంటాడో అన్నది కూడా తలచుకుంటారు. ఆ ప్రయోగాల్లో చాలామటుకు ఒక సాయంత్రం భోజనం లాంటి పిలుపులు. ముందే డబ్బు కట్టే మూడు రోజుల ప్రయాణంలో ఇంకో సంగతి కలుస్తుంది. అది తేదీ. ఈ మొత్తం ప్రశ్నలో అన్నిటికంటే ముఖ్యమైనది అదేనని, దాని గురించే అందరూ తక్కువ మాట్లాడతారని నా అభిప్రాయం.

మళ్ళీ మా వాడి లెక్కకు వద్దాం. గదులూ బండీ కలిపి 20,000. ఆరుగురైతే మనిషికి 3,333, ఐదుగురైతే 4,000. అన్నీ బుక్ చేశాక ఒకడు తప్పుకుంటే మిగిలిన ఐదుగురూ తలా 667 అదనంగా కట్టాలి. బుక్ చేయకముందే తప్పుకుంటే వాళ్ళు చిన్న బండి చూసుకుంటారు, లేదా ఆరో మనిషిని వెతుక్కుంటారు. ఎవరికీ పెద్దగా నష్టం ఉండదు. రైలు టికెట్టు దగ్గర ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2024 నవంబరు 1 నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్‌ను 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. సెలవుల రోజుల్లో విశాఖ వైపు స్లీపర్లు త్వరగా నిండుతాయి కాబట్టి, పద్ధతిగా ప్లాన్ చేసేవాళ్ళు ఆ అరవయ్యో రోజు కోసం ఎదురుచూస్తారు. ఒక టికెట్టు మీద ఆరుగురి దాకా ఎక్కించవచ్చు కాబట్టి ఆరుగురి గుంపు అంతా ఒకే పీఎన్ఆర్ మీదకు వెళ్తుంది. ఆ తర్వాత అందులో ఒకడి పేరు తీసి ఇంకో స్నేహితుడి పేరు పెట్టడం కుదరదు. మామూలు ప్రయాణికులు టికెట్టు మార్చుకోవడానికి రైల్వే ఒప్పుకునేది తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, పిల్లల మధ్యనే. రద్దు చేసుకుంటే కోత పడుతుంది, బండి బయల్దేరే వేళ దగ్గరపడే కొద్దీ ఆ కోత పెరుగుతుంది. తత్కాల్‌లో ఖాయమైన టికెట్టుకైతే తిరిగి ఏమీ రాదు. కాబట్టి టికెట్టు తీయకముందు ‘వస్తలేను’ అంటే అది ఒక సమాచారం. తీశాక అంటే అదే మాట ఇంకొకరి జేబులోంచి పోయే డబ్బు. స్నేహాలు చెడినవి నేను విన్నంతవరకు ఈ రెండో రకం మాటతోనే చెడ్డాయి. అక్కడ కూడా చెప్పినవాడి మనసులో నిర్ణయం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. మొహమాటం కొద్దీ నోట్లో దాచుకున్నాడు.

ఆలస్యంగా చెప్పక తప్పని సందర్భాలు ఉంటాయి. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేక ఆ డబ్బు అటు వెళ్ళిపోవచ్చు. అప్పుడు రద్దు కోత, గదీ బండీ వాటా తానే కడతానని ముందుగా అనాలి. ఒకేసారి కట్టలేకపోతే రెండు నెలల్లో అని తేదీతో చెప్పాలి. వాళ్ళు వద్దనవచ్చు, కానీ ఆ మాట మన నోటి నుంచి రావాలి.

స్నేహితులు డబ్బు పెట్టుకుంటామన్నప్పుడు ఏం చేయాలన్నది తేలిగ్గా తేలని ప్రశ్న. అప్పు చేసైనా వెళ్ళాలి, ఈ వయసు మళ్ళీ రాదు అనేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మాటను నేను కొట్టిపారేయను. ఇరవై మూడేళ్ళప్పుడు ఆరుగురు కలిసి చూసిన బొర్రా గుహలూ, నలభై ఏళ్ళప్పుడు చూసినవీ ఒకటి కావు. నేను చూసుకునే కొలత ఒకటే. తిరిగి ఇచ్చే తేదీ అడగకుండానే నేను చెప్పగలనా? చెప్పగలిగితే తీసుకోవచ్చు. చెప్పలేకపోతే, ఉద్యోగం వచ్చాక ఇస్తాలే అన్న మాటలో పరీక్ష నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియని అశోక్‌నగర్ పిల్లవాడు ఏళ్ళ తరబడి చిక్కుకుంటాడు. స్నేహితుడు అడగడు. అడగకపోయినా వీడే తప్పుకు తిరుగుతాడు. ఫోన్‌లో నిమిషాల్లో దొరికే యాప్ అప్పు అయితే ఇంకా చెడ్డది. 2020 చివర ఆ యాప్‌ల వేధింపులకు తెలంగాణలో ప్రాణాలు పోయిన సంగతి ఈ పేటల్లో చాలామందికి గుర్తుంది. సరదా ప్రయాణానికి ఆ గుమ్మం తొక్కనే కూడదు.

వరసగా రెండు మూడుసార్లు రానంటే పిలవడం మానేస్తారన్న భయం మాత్రం ఉత్తది కాదు. పిలిచి కాదనిపించుకోవడం కన్నా పిలవకపోవడమే వాడికి మంచిదని స్నేహితులు దయతోనే అనుకుంటారు. దానికి నాకు తెలిసిన మందు, మన హద్దు ఎంతో అంకెతో చెప్పి ఉంచడం. ‘పదిహేను వందల లోపైతే నన్ను అడక్కుండానే లెక్కేసుకోండి’ అంటే వాళ్ళకు ఒక దారి దొరుకుతుంది. ఆ డబ్బుకు వరంగల్ వెళ్ళి వేయిస్తంభాల గుడి చూడవచ్చు, ఇంకొంచెం ఓపిక ఉంటే 2021లో యునెస్కో జాబితాకెక్కిన రామప్ప దాకా వెళ్ళి రావచ్చు. గుంపులో తెలంగాణ అమ్మాయిలుంటే 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్ళకు రాష్ట్రంలో టికెట్టే లేదు. తిండి ఖర్చు తప్ప పెద్దగా ఉండదు. అయితే ఈ మాట అరకు రానని చెప్పే సందేశంలోనే కలపకూడదు. కలిపితే వాళ్ళు కష్టపడి వేసుకున్న ప్రయాణానికి మనం పోటీ పెట్టినట్టవుతుంది. వాళ్ళు వెళ్ళొచ్చాక చెప్పాలి.

ప్రయాణం వేసేవాళ్ళ బాధ్యత రెండు మాటల్లో చెప్పవచ్చు. తిండితో సహా మొత్తం అంకె మొదటి రోజే చెప్పాలి. టికెట్లు తీసే తేదీ చెప్పి, ఆ లోపు ఎవరికివారు విడిగా మెసేజ్ పెట్టండని అనాలి. అందరి ముందూ ‘వస్తున్నావా లేదా’ అని గ్రూపులో పేరు పెట్టి అడిగితే, లేనివాడి చేత ‘చూద్దాం’ అనిపించినట్టే.

ఆ ఆదివారం భోజనమయ్యాక మా వాడు రాసినది నాకు చూపించాడు. మొదట రాసినదాంట్లో పదకొండు వాక్యాలున్నాయి. టెస్టులు, ఇంట్లో పరిస్థితి, మూడుసార్లు సారీ, వచ్చేసారి తప్పకుండా అన్న మాట. నేనేమీ అనలేదు. వాడే చదువుకుని ఒక్కొక్కటి తీసేశాడు. ‘వచ్చేసారి తప్పకుండా’ దగ్గర కాసేపు ఆగి, ‘అది కూడా నాకు తెల్వదు కదా’ అని దాన్నీ తీసేశాడు. గ్రూపులో పెట్టకుండా, టికెట్లు తీసే స్నేహితుడికి విడిగా పంపాడు:

‘మామా, అరకు వస్తలేను. ఈ ట్రిప్పు నా బడ్జెట్‌లో లేదు. టికెట్లు తియ్యకముందే చెప్తున్నా, నన్ను లెక్కలో పెట్టకు. ఫోటోలు మాత్రం మన పాత గ్రూపులో పెట్టుర్రి.’

పది నిమిషాలకు జవాబు వచ్చింది: ‘నేను పెట్టుకుంటా రా.’ వాడు నా వైపు చూశాడు. తర్వాత ఇలా రాశాడు: ‘తెలుసు మామా. వద్దు. ఎంజాయ్ చేయండి.’ ఆ తర్వాత ‘సరే రా’ అని వచ్చింది. కొత్త గ్రూపులో ‘నేను వస్తలేను, మీరు కానియ్యండి’ అని ఒక లైను పెట్టి బయటికి వచ్చేశాడు. చేతులు కడుక్కుని ఇంకో ముద్ద పెరుగన్నం పెట్టించుకున్నాడు.

వాళ్ళు రామ్‌నగర్‌లో ఉండే ఒక జూనియర్‌ను ఆరోవాడిగా చేర్చుకుని వెళ్ళొచ్చారు. వచ్చిన వారం నారాయణగూడలో ఇరానీ చాయి దగ్గర కలిశారట. మా వాడి చేతిలో అరకు కాఫీ పొడి పొట్లం పెట్టారు, అది మా ఇంటికి వచ్చింది. మార్చిలో శ్రీశైలం అనుకుంటున్నారని, ఈసారి గ్రూపులో పెట్టిన మొదటి మెసేజ్‌లోనే తిండి, దర్శనం టికెట్టు, ఆటోతో సహా మొత్తం తలకి 1,850 అని రాశారని చెప్పాడు. ‘పదిహేను వందల కన్నా మూడు వందల యాభై ఎక్కువుంది పిన్నీ, ఫిబ్రవరిలో చూసుకుంటా’ అన్నాడు.